మొలకల ప్రాజెక్టు ఫోటోలు డిలీట్ అయిపోయాయి, మేడమ్‌కి లెటర్ ఎలా రాయాలి?

ప్రశ్న: నేను తొమ్మిదో తరగతి. సైన్స్ మేడమ్ బొబ్బర్లు మొలకెత్తించే ప్రాజెక్టు ఇచ్చారు. ఐదు రోజులు రోజుకో ఫోటో తీసి, ప్రింట్ తీయించి రికార్డులో అంటించాలి. ఐదూ తీశాను. నిన్న సాయంత్రం తమ్ముడు గేమ్‌కి జాగా లేదని నాన్న ఫోన్లో ఫోటోలన్నీ డిలీట్ చేసేశాడు. కొలతలు మాత్రం నోట్‌బుక్‌లో రాసుకున్నాను. ఎల్లుండి శనివారం ఇవ్వాలి. లెటర్ రాసి టైం అడుగుదామంటే సాకు అనుకుంటారేమోనని టెన్షన్. ఏం రాయాలి?

సమాధానం:

ఇవాళ రాత్రే రాసి రేపు శుక్రవారం పొద్దున్నే, మొదటి పీరియడ్‌కి ముందే మేడమ్ చేతికివ్వు. శనివారం దాకా ఆగకు. లెటర్‌లో నాలుగు సంగతులుంటే చాలు: ఏ ఫోటోలు పోయాయి, నీ దగ్గర ఇంకా ఏం మిగిలింది, ఏ తేదీకి ఇవ్వగలవు, ఆ తేదీ మేడమ్‌కి కుదరకపోతే శనివారమే ఏం ఇవ్వగలవు. నోట్‌బుక్‌ని లెటర్‌తో పాటు ఇవ్వు. క్షమాపణలు, బతిమాలడం ఒక్క వాక్యం దాటక్కర్లేదు.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఫోన్లు ఇంటింటికీ వచ్చాక ఇలాంటి లెటర్లు నా టేబుల్ మీదకి చాలానే వచ్చాయి. నమ్మినవీ ఉన్నాయి, నవ్వుకుని పక్కన పెట్టినవీ ఉన్నాయి. ఆ తేడా ఎక్కడ వస్తుందో చెబుతాను. దానికంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది.

ముందు ఫోన్ వెతుకు. లెటర్ అవసరమే పడకపోవచ్చు. గ్యాలరీలో డిలీట్ చేసిన ఫోటో వెంటనే పోదు. గూగుల్ ఫోటోస్‌లో Bin అని ఉంటుంది. బ్యాకప్ అయిన ఫోటోలు అందులో 60 రోజులు, బ్యాకప్ కానివి 30 రోజులు ఉంటాయి. శాంసంగ్ లాంటి కంపెనీల గ్యాలరీకి విడిగా Trash ఉంటుంది, అదీ సుమారు నెల రోజులు దాచిపెడుతుంది. ఐఫోన్‌లో అయితే Recently Deleted చూడాలి. ఫోన్లో గ్యాలరీ, గూగుల్ ఫోటోస్ రెండూ ఉంటే రెండు చోట్లా చూడు. ఒకదాంట్లో కనపడనివి రెండోదాంట్లో దొరుకుతుంటాయి. కాకపోతే మీ తమ్ముడు చేసింది జాగా కోసం. Bin లో ఉన్న ఫోటోలు కూడా జాగా తింటూనే ఉంటాయి కాబట్టి, గేమ్ ఎక్కకపోతే వాడు Bin ని కూడా ఖాళీ చేసి ఉండొచ్చు. తిట్టకుండా అడుగు, నిజం చెబుతాడు.

అక్కడా లేకపోతే, ఆ ఐదు రోజుల్లో ఒక్క ఫోటో అయినా ఎవరికైనా వాట్సాప్‌లో పంపావేమో గుర్తు తెచ్చుకో. అమ్మమ్మకో, నీ ఫ్రెండ్‌కో పంపి ఉంటే వాళ్ళ ఫోన్లో కాపీ ఉంటుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో పంపిన ఫోటోకి మరో కాపీ వాట్సాప్ ఫోల్డర్లో, WhatsApp Images లోపల Sent అనే చోట పడి ఉండటం మామూలే. గ్యాలరీలో కనపడకపోయినా ఫైల్స్ యాప్‌లోంచి చూడొచ్చు. వాట్సాప్ ఫోటో నాణ్యత కాస్త తగ్గుతుంది కానీ రికార్డులో అంటించడానికి చక్కగా సరిపోతుంది. పోయిన ఫోటోలు తెప్పిస్తామనే యాప్‌ల జోలికి మాత్రం వెళ్ళొద్దు. Bin ఖాళీ అయ్యాక ఇప్పటి ఫోన్లలో అవి ఇవ్వగలిగింది చాలా తక్కువ. పైగా నాన్న ఫోన్లో ఉన్నవన్నీ చూసే అనుమతి అడుగుతాయి.

ఒకటో రెండో దొరికినా మంచిదే. అప్పుడు లెటర్‌లో "ఐదింటిలో రెండు దొరికాయి" అని రాయొచ్చు. అన్నీ పోయాయన్న మాట కంటే అది టీచర్ చెవికి నమ్మకంగా వినిపిస్తుంది.

ఇక గడువు. ఎక్కువ మంది పిల్లలు తప్పేది ఇక్కడే. "దయచేసి కొంత సమయం ఇవ్వగలరు" అని రాస్తారు. కొంత అంటే ఎంత? టీచర్‌కి అది సమాధానం చెప్పలేని ప్రశ్న. రెండు రోజులు ఇస్తే నీకు చాలదు, పది రోజులు ఇస్తే ఆమెకు కుదరదు. ఇలాంటి ప్రాజెక్టులు సాధారణంగా ఫార్మేటివ్ మార్కుల్లో కలుస్తాయి. ప్రాజెక్టు పని, రాత అంశాలు, లఘు పరీక్ష, తరగతిలో పాల్గొనడం, ఇవన్నీ కలిపి మార్కులు వేసి, ఫలానా తేదీలోపు ఎక్కించాలి. ఆ తేదీ దాటితే మీ మేడమ్ మనసు ఎంత మంచిదైనా చేయగలిగింది ఉండదు. అందుకే గడువును గింజలు పెరిగే వేగాన్ని బట్టి లెక్కగట్టి, తేదీ వేసి అడగాలి.

నీ విషయంలో లెక్క ఇది. ఇవాళ గురువారం, 20వ తేదీ. రాత్రి గింజలు నానబెడితే రేపు పొద్దున తీసి తడిగుడ్డలో కడతావు. అది మొదటి రోజు. ఐదో రోజు మంగళవారం, 25. ఆ సాయంత్రం ప్రింట్లు తీయించుకుంటే బుధవారం కూర్చుని అంటించి రాయొచ్చు. అంటే గురువారం 27 పొద్దున ఇవ్వగలవు. బుధవారమే ఇస్తానని అడగబుద్ధేస్తుంది, వద్దు. నవంబరులో రాత్రి చలికి మొలక ఒక రోజు ఆలస్యంగా రావడం చాలాసార్లు చూశాను. రెండోసారి గడువు అడగడం కంటే మొదటే ఒక రోజు కలిపి అడగడం మేలు. ఇంతకుమించి మాత్రం కలపకు. లెక్క విప్పి చూపిస్తే ఐదు రోజుల గడువు కూడా టీచర్‌కి ఎక్కువ అనిపించదు, ఎందుకంటే బొబ్బర గింజ ఎంతలో మొలుస్తుందో ఆమెకూ తెలుసు.

లెటర్ ఇలా ఉండొచ్చు. నీ వివరాలకు తగ్గట్టు మార్చుకో.

---

ఊరు: ________
తేది: 21-11-2025

గౌరవనీయులైన జీవశాస్త్రం మేడమ్ గారికి,

విషయం: మొలకల ప్రాజెక్టుకు 27-11-2025 గురువారం వరకు గడువు కోరడం.

మేడమ్, నమస్కారం.

బొబ్బర్ల మొలకల ప్రాజెక్టు కోసం 14వ తేదీ నుంచి 18వ తేదీ వరకు రోజుకొకటి చొప్పున ఐదు ఫోటోలు మా నాన్నగారి ఫోన్‌లో తీశాను. 19వ తేదీ సాయంత్రం ఇంట్లో ఫోన్ ఖాళీ చేసినప్పుడు ఆ ఫోటోలు డిలీట్ అయ్యాయి. డిలీట్ చేసిన ఫోటోలు ఉండే చోట, వాట్సాప్‌లో కూడా వెతికాం, దొరకలేదు.

రోజూ కొలతలు రాసుకున్న నోట్‌బుక్ ఈ లేఖతో ఇస్తున్నాను. అప్పుడు మొలిచిన మొక్కలు ఇంట్లోనే ఉన్నాయి.

నిన్న రాత్రి మళ్ళీ గింజలు నానబెట్టాను. ఐదో రోజు ఫోటో మంగళవారం 25న తీస్తాను. రికార్డు పూర్తిచేసి గురువారం 27న ఉదయం మీకు ఇవ్వగలను. అప్పటివరకు గడువు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను.

మార్కులు వేయడానికి ఆ తేదీ ఆలస్యమవుతుందంటే, నోట్‌బుక్ కొలతలతో, నేను గీసిన బొమ్మలతో శనివారమే రికార్డు ఇస్తాను. మీకు కలిగిన ఇబ్బందికి క్షమించండి.

ఇట్లు,
మీ విద్యార్థిని,
________
9వ తరగతి, సెక్షన్ ____, రోల్ నంబరు ____

తండ్రి సంతకం: ________

---

ఇందులో తమ్ముడి ప్రస్తావన లేదు, గమనించావా? నిజం దాచమని కాదు. మేడమ్ అడిగితే చెప్పు. కానీ లెటర్‌లో ఎవరు చేశారన్నది కాదు, ఎలా పోయాయన్నదే కావాలి. తమ్ముడు, గేమ్, నాన్న తిట్టడం, నేను ఏడవడం అంటూ పేజీ నింపిన లెటర్లు నాకు చాలా వచ్చాయి. అందులో సగం నిజమే అయి ఉంటుంది. కానీ చదివేవాళ్ళకి అసలు సంగతి దొరకదు. గడువు ఎప్పటిదాకా అడుగుతున్నారో తెలియాలంటే రెండుసార్లు చదవాలి. నలభై రికార్డులు దిద్దుతూ మధ్యలో ఎవరు చదువుతారు?

నాన్న సంతకం ఎందుకంటే ఫోన్ ఆయనది. డిలీట్ అయిన మాట నిజమేనని చెప్పగలిగిన పెద్దమనిషి ఆయనే. ఆయన ఊళ్ళో లేకపోతే అమ్మ చేత పెట్టించు. సంతకం నువ్వే పెట్టకు, ఆ సంగతి మాకు తెలిసిపోతుంది.

చివర్లో "శనివారమే ఇస్తాను" అన్న వాక్యం తీసేద్దామని అనిపించొచ్చు. గడువు అడుగుతూ గడువు లేకపోయినా ఇస్తాననడం ఎందుకని. ఆ లెటర్‌లో నాకు అన్నిటికంటే ముఖ్యమైన వాక్యం అదే. అది లేకపోతే మేడమ్ ముందు రెండే దారులుంటాయి, సరే అనడం లేదా కాదనడం. మార్కులు ఎక్కించే తేదీ దగ్గరపడి ఉంటే కాదనక తప్పదు. ఆ వాక్యం ఉంటే మూడో దారి ఉంటుంది. నా దగ్గరికి ఇలాగే వచ్చిన ఒక అమ్మాయికి గడువు ఇవ్వలేకపోయాను, మర్నాడే మార్కులు పంపాలి. కానీ ఆమె కొలతల పట్టిక, పెన్సిల్ బొమ్మలు చూసి ఫోటోలు పెట్టిన పిల్లలతో సమానంగా మార్కులు వేశాను. నిజం చెప్పాలంటే ఆ బొమ్మల్లో బీజదళాలు విచ్చుకోవడం ఫోటోల్లో కంటే స్పష్టంగా కనిపించింది. గింజను దగ్గర పెట్టుకుని చూసి గీసినవాళ్ళకే అలా వస్తుంది.

ఇక నీ అసలు టెన్షన్, సాకు అనుకుంటారేమోనని. టీచర్ నమ్మేది లెటర్‌లోని మాటల్ని చూసి కాదు, నోట్‌బుక్‌ని చూసి. నిజంగా మొలకలు పెంచిన పిల్లల నోట్‌బుక్‌లో లెక్కలు నున్నగా ఉండవు. పది గింజలు పెడితే ఎనిమిదే మొలుస్తాయి. ఒకటి బూజు పడుతుంది. ఒక రోజు వేరు బాగా సాగుతుంది, మర్నాడు చలికి అంతంతమాత్రమే. ఊహించి రాసిన పట్టికలో పది గింజలూ మొలుస్తాయి, రోజుకి సరిగ్గా ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతాయి, ఐదు రోజుల రాతా ఒకే పెన్నుతో ఒకే వాలులో ఉంటుంది. నీ నోట్‌బుక్‌లో కొట్టివేతలు, మరకలు ఉంటే అలాగే ఇవ్వు. సాపు రాయడానికి కూర్చోకు. సాపు రాసిన నోట్‌బుక్ చూస్తేనే మాకు అనుమానం వస్తుంది.

రేపు పొద్దున బయల్దేరే ముందు పాత మొక్కల్ని ఒక ఫోటో తీయి. అవిప్పుడు వారం వయసువి. గ్లాసు పక్కన స్కేలు, తేదీ రాసిన చీటీ పెట్టి తీస్తే అదే నీకు సాక్ష్యం. పోయిన ఐదు ఫోటోలకు అది బదులు కాదు కానీ, ఆ ఐదు రోజులూ నువ్వు పని చేశావని చూపిస్తుంది.

నెట్‌లో దొరికిన ఫోటోలు మాత్రం పెట్టొద్దు. ఫ్రెండ్ ఫోటోలూ వద్దు. నెట్‌లో మొలకల బొమ్మలు వెతికితే ఎక్కువగా రాజ్మా చిక్కుడు, బఠాణీ, శనగ వస్తాయి. బఠాణీ, శనగల్లో బీజదళాలు మట్టిలోనే ఉండిపోతాయి, కాండం ఒక్కటే పైకి వస్తుంది. బొబ్బర్లలో బీజదళాలు రెండూ కాండంతో పాటు మట్టి పైకి లేస్తాయి. అంటే బొబ్బర్ల ప్రాజెక్టులో శనగ మొలక ఫోటో అంటిస్తే, పాఠం చెప్పిన టీచర్ రికార్డు తెరవగానే పట్టేస్తుంది. ఒకసారి ముగ్గురు పిల్లల రికార్డుల్లో ఒకే స్టీలు గ్లాసు, దాని అంచున ఒకే సొట్ట కనిపించింది. ఒకరు మూడో రోజు అన్నారు, ఇంకొకరు నాలుగో రోజు అన్నారు. ఆ ముగ్గురిలో గ్లాసు ఎవరిదో తేల్చడానికి నాకు సగం పీరియడ్ పట్టింది. నువ్వు నిజంగా చేసిన పనిని ఆ వరసలో నిలబెట్టుకోకు.

ఈసారి పెంచేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. పది గింజలు కాదు, పదిహేనో ఇరవయ్యో నానబెట్టు. కొత్త గింజలు తీసుకో, డబ్బాలో అడుగున మిగిలిన పాత బొబ్బర్లు సరిగ్గా మొలవవు. రాత్రంతా, అంటే ఎనిమిది పది గంటలు నానితే చాలు. ఆ తర్వాత కూడా నీళ్ళలోనే వదిలేస్తే గాలి అందక కుళ్ళిపోతాయి, వాసన వచ్చాక కానీ తెలియదు. తడి నూలుగుడ్డలో కట్టి, వంటింట్లో కాస్త వెచ్చగా ఉండే చోట పెట్టు, గుడ్డ ఆరకుండా చూసుకో. మొలక రాగానే నాలుగైదు గింజల్ని తడి దూదిలోకో మట్టిలోకో మార్చు. ఫోటో రోజూ ఒకే సమయానికి, స్కేలు పక్కన పెట్టి తీయి. తీసిన వెంటనే అమ్మ ఫోన్‌కో ఫ్రెండ్‌కో పంపించు. నాన్న డ్యూటీ నుంచి రాత్రి వచ్చాక కానీ ఫోన్ దొరకదంటే రాత్రే తీయి, ఐదు రోజులూ రాత్రే తీయి. మధ్యలో మార్చకు.

ఇంకొక సంగతి, ఇది పిల్లలకు తట్టదు. పాత కొలతల పక్కన కొత్త ఫోటోలు అంటించకు. పోయిన వారం మూడో రోజుకి వేరు రెండు సెంటీమీటర్లు వచ్చిందని నోట్‌బుక్‌లో ఉంటుంది. ఈసారి చలి ఎక్కువై మూడో రోజుకి అందులో సగమే రావచ్చు. ఫోటోలో స్కేలు ఒకటి చెబుతుంది, పక్కన అంకె ఇంకొకటి చెబుతుంది. చూసేవాళ్ళు నువ్వు కల్పించావనుకుంటారు. రెండు పట్టికలు గీయి. మొదటిసారి, రెండోసారి అని పైన తేదీలతో రాయి. ఫోటోలు రెండో పట్టిక కింద అంటించు. రెండింటికీ తేడా ఎందుకొచ్చిందో రెండు వాక్యాలు రాయి. ఒకే ప్రయోగం రెండుసార్లు చేసి పోల్చిన రికార్డు క్లాసులో నీదొక్కటే అవుతుంది.

ఇదే ప్రశ్నతో వచ్చే వేరే పిల్లలకు ఒక మాట. పోయింది చేసిన హోంవర్క్ ఫోటో అయితే, నోట్‌బుక్ చేతిలోనే ఉంటే, గడువు అడగకండి. మళ్ళీ ఫోటో తీసి పంపండి, అయిదు నిమిషాల పని. దానికి లెటర్ రాస్తే టీచర్‌కి మొదట వచ్చే ప్రశ్న "మరి నోట్‌బుక్ ఏదీ?" అనే. పోయింది బోర్డు మీది ప్రశ్నల ఫోటో అయితే పక్క బెంచీ వాళ్ళని అడిగి రాసుకోండి. గడువు అడగాల్సింది, ఈ అమ్మాయికి పోయినట్టు, మళ్ళీ తీయాలంటే రోజులు పట్టే ఫోటో పోయినప్పుడే.

క్లాసు వాట్సాప్ గ్రూపులో మాత్రం ఈ విషయం పెట్టొద్దు. ఒకరికి గడువు ఇచ్చారని తెలిస్తే సాయంత్రానికి ఇంకో పదిమంది ఫోటోలు పోతాయి. మేడమ్ ఇరుకున పడి అందరికీ కాదంటారు. రేపు ఏ కారణం వల్లనో బడికి వెళ్ళలేకపోతే, నాన్న చేత మేడమ్‌కి విడిగా, రాత్రి ఎనిమిది లోపు, లెటర్ ఫోటో పంపించు. అప్పుడు కూడా కాగితం లెటర్ శనివారం ఇవ్వాల్సిందే. మార్కులు ఎక్కించే రోజున ఆమె రిజిస్టరులో పెట్టుకుని చూసుకునేది ఆ కాగితమే, ఫోన్లో మెసేజ్ వందల మెసేజ్‌ల కిందకి వెళ్ళిపోతుంది.

మేడమ్ సరే అంటే లెటర్ మీదే "27 వరకు" అని రాయించి సంతకం అడుగు. అడగడానికి మొహమాటపడకు, టీచర్లకి అది అలవాటే. అలా రాసిన లెటర్‌కి ఒక జిరాక్స్ తీయించి రికార్డు మొదటి పేజీ వెనకాల అంటించు. రికార్డులు దిద్దేది ఆ రోజు మీ మేడమ్ కాకుండా వేరే టీచర్ అయితే, ఆలస్యానికి మార్కులు తగ్గించకుండా అది కాపాడుతుంది.